కందిపప్పును అరిగించేదెవరు?

కందిపప్పులో రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే మూడు రకాల చక్కెరలున్నాయి. పేర్లు కొత్తగా వినిపిస్తున్నా ముద్దపప్పు, సాంబారు, పప్పుచారు తిన్న ప్రతిసారీ వాటిని మింగుతూనే ఉంటాం. వాటిని విడగొట్టాలంటే ఆల్ఫా గెలాక్టోసైడేజ్ అనే ఎంజైమ్ కావాలి. మనిషి లాలాజలంలో అది లేదు. జీర్ణాశయంలో ఊరే రసంలో లేదు, క్లోమరసంలో లేదు, చిన్నపేగు గోడల మీదా లేదు. అందువల్ల ఈ చక్కెరలు తిన్నవి తిన్నట్టే చిన్నపేగు దాటి పెద్దపేగులోకి చేరతాయి. అయినా మర్నాడు మలాన్ని పరీక్షించి చూస్తే అవి దాదాపు కనిపించవు. తిన్న మనిషి అరిగించుకోలేని దాన్ని దారిలో ఇంకెవరో తినేశారన్నమాట.

తిన్నది పెద్దపేగులో కాపురమున్న బ్యాక్టీరియా. జీర్ణనాళంలో ఉండే బ్యాక్టీరియా, ఇతర సూక్ష్మజీవులు, వాటి జన్యువులు అన్నిటినీ కలిపి గట్ మైక్రోబయోమ్ అంటున్నారు. దాని గురించి ఈమధ్య చాలా చెబుతున్నారు: మనసు, బరువు, నిద్ర, చర్మం, అన్నిటికీ అదే మూలమన్నట్టు. అందులో కొన్ని ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. కానీ ఆహారం అరగడంలో ఈ బ్యాక్టీరియా చేసే పని మాత్రం నలభై యాభై ఏళ్లుగా కొలిచి, తూచి, నిరూపించినది. ఆ పని ఏమిటో తెలిస్తే పప్పు తిన్నాక కడుపులో గ్యాస్ ఎందుకు వస్తుందో, పాలు పడనివారికి పెరుగు ఎందుకు పడుతుందో, యాంటీబయాటిక్స్ వేసుకున్నప్పుడు విరేచనాలు ఎందుకవుతాయో ఒకే వరసలో అర్థమవుతాయి.

ముందు వీటి సంఖ్య గురించి ఒక మాట. మన శరీర కణాలకు పది రెట్లు బ్యాక్టీరియా మనలో ఉందన్న లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో తిరుగుతోంది. అది సరైనది కాదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన రాన్ మిలో, సహచరులతో కలిసి 2016లో ఆ లెక్కను మొదటి నుంచీ తిరగవేశారు. 70 కిలోల మగమనిషిలో శరీర కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని తేల్చారు. అంటే ఇంచుమించు సమానమే. వాటి మొత్తం బరువు 200 గ్రాములు. కిలోల కొద్దీ బ్యాక్టీరియాను మోస్తున్నామన్న మాట కూడా దీంతో పోయింది.

ఇవన్నీ జీర్ణనాళం పొడవునా సమానంగా పరుచుకుని లేవు. జీర్ణాశయంలో యాసిడ్ ఘాటుకు చాలావరకు చచ్చిపోతాయి. ఆరు మీటర్ల చిన్నపేగులో పైత్యరసం ఒకవైపు, వేగంగా కదిలిపోయే ఆహారం ఇంకోవైపు వాటిని నిలవనివ్వవు. ఆ భాగాన్ని ఆహారం కొద్ది గంటల్లోనే దాటేస్తుంది. అసలు జనాభా అంతా మీటరున్నర పొడవుండే పెద్దపేగులో ఉంది. అక్కడ ఆహారం ఒక రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది. గాలి ఆడదు. ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే జాతులకు అదే కావాలి. పెద్దపేగులోని పదార్థం ఒక గ్రాము తీసుకుంటే అందులో దాదాపు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మలంలో నీటిని తీసేస్తే మిగిలే ఘనపదార్థంలో సగానికి పైగా బ్యాక్టీరియానే అని 1980లో బ్రిటన్‌లో స్టీఫెన్, కమింగ్స్ అనే ఇద్దరు పరిశోధకులు వేరుచేసి తూచి చూపించారు. మనం విసర్జించేది తిన్న తిండిలోని పిప్పి మాత్రమే అనుకోవడం అలవాటు. అందులో పెద్దభాగం మన తిండి మీద పెరిగిన పంట.

ఇప్పుడు ఒక భోజనం వెంట నడుద్దాం. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పెరుగు. తిన్న నాలుగైదు గంటలకు వీటిలో మిగిలింది పొత్తికడుపు కుడివైపు కింద, చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటికి వస్తుంది. అన్నంలోని పిండిపదార్థంలో ఎక్కువ భాగం గ్లూకోజ్‌గా మారి అప్పటికే రక్తంలో కలిసిపోయింది. నెయ్యిలోని కొవ్వు, పప్పులోని మాంసకృత్తుల్లో చాలావరకు కూడా అంతే. మిగిలి వచ్చినవి పప్పులోని ఆ మూడు చక్కెరలు, ఎంజైములకు లొంగని కొద్దిపాటి పిండి, వంకాయ తొక్కలోని సెల్యులోజ్, కండలోని పెక్టిన్. వీటన్నిటినీ కలిపి మనం పీచు అంటాం. ఆహారంలోని ఇలాంటి పదార్థాలను విడగొట్టడానికి మనిషి దగ్గర ఉన్న ఎంజైములు ఇరవైకి లోపే. పెద్దపేగులో సర్వసాధారణంగా కనిపించే బ్యాక్టిరాయిడిస్ థీటాఅయోటామైక్రాన్ అనే ఒకే ఒక్క జాతి దగ్గర అలాంటివి రెండువందల యాభైకి పైగా ఉన్నాయి.

అయితే ఏ ఒక్క జాతీ పని మొత్తం తానే చేయదు. ముందు కొన్ని జాతులు పెద్ద అణువులను కోస్తాయి. కోసినప్పుడు చెదిరిపడిన చక్కెర ముక్కలను చుట్టూ ఉన్నవి అందుకుంటాయి. అవి వదిలిన ఆమ్లాలను మరికొన్ని తింటాయి. మొదటి కోత కోసే జాతి లేకపోతే వెనకున్న వాటికి తిండే లేదు.

స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో జరిగిన ఒక ప్రయోగంలో ఇది స్పష్టంగా బయటపడింది. అధిక బరువున్న 14 మంది మగవాళ్లకు సులువుగా అరగని పిండిపదార్థం ఎక్కువగా పెట్టి, అందులో ఎంత మలంలో బయటికొస్తోందో కొలిచారు. దాదాపు అందరిలో అది పూర్తిగా ఖర్చయిపోయింది. ఇద్దరిలో మాత్రం సగానికి పైగా అలాగే బయటికి వచ్చేసింది. ఆ ఇద్దరి పేగుల్లో రుమినోకాకస్ బ్రోమీ అనే జాతికి చెందిన బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంది. తర్వాత అలాంటి మనిషి మలం నమూనాలో ఆ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో కలిపి చూస్తే పిండి కరిగిపోయింది. ఒకే తిండి ఇద్దరి ఒంట్లో వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుందో చెప్పే ఉదాహరణల్లో ఇంత తేటైనవి తక్కువ.

బ్యాక్టీరియా ఈ పనంతా ఆక్సిజన్ లేకుండా చేస్తుంది, అంటే పులియబెడుతుంది. గిన్నెలో ఇడ్లీపిండి పులిసినప్పుడు ఆమ్లమూ గ్యాసూ ఎలా పుడతాయో ఇక్కడా అవే పుడతాయి. ఆమ్లాల్లో ముఖ్యమైనవి మూడు: అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్. వీటిలో చాలా ఎక్కువ భాగాన్ని పెద్దపేగు గోడ పీల్చుకుంటుంది. అసిటేట్ రక్తంలో కలిసి కండరాల దాకా వెళుతుంది. ప్రొపియొనేట్‌ను కాలేయం వాడుకుంటుంది. మనిషికి రోజూ అందే శక్తిలో పదో వంతు వరకు ఈ దారిన రావచ్చు, పీచు ఎక్కువగా తినేవారికి ఎక్కువ, తక్కువగా తినేవారికి తక్కువ. చిన్నపేగు వదిలేసిన దాని నుంచి శరీరం ఇలా రెండోసారి రాబట్టుకుంటోంది.

బ్యూటిరేట్ కథ వేరు. దాన్ని పెద్దపేగు గోడ కణాలే తినేస్తాయి, రక్తం దాకా పోయేది కొంచెమే. శరీరంలో మిగతా కణాల్లో చాలావరకు రక్తం తెచ్చిచ్చే గ్లూకోజ్, కొవ్వుల మీద బతుకుతుంటే ఈ కణాలు మాత్రం పేగు లోపలి నుంచి బ్యాక్టీరియా అందించే బ్యూటిరేట్ కోసం చూస్తాయి. 1980లో రోడిగర్ అనే పరిశోధకుడు ఆపరేషన్లలో తీసిన పెద్దపేగు ముక్కల నుంచి కణాలను వేరుచేసి పరీక్షించాడు. అవి వాడుకునే ఆక్సిజన్‌లో 70 శాతానికి పైగా బ్యూటిరేట్‌ను మండించడానికే ఖర్చవుతోందని తేలింది.

ఆ తిండి ఆగిపోతే ఏమవుతుంది? కొన్ని ఆపరేషన్లలో పెద్దపేగును పైనే మళ్లించి, పొట్ట మీద చేసిన రంధ్రం గుండా మలం బయటికి వచ్చేలా చేస్తారు. దిగువన మిగిలిన పేగు ఖాళీగా ఉండిపోతుంది. రక్తం సరఫరాకు ఏ లోటూ లేకపోయినా కొన్ని నెలల్లో ఆ భాగం లోపలి పొర వాచి, ఎర్రబడి, రక్తం కారడం మొదలవుతుంది. 1989లో అమెరికాలో హారిగ్ బృందం ఇలాంటి నలుగురు రోగుల్లో ఆ ఖాళీ పేగులోకి పై మూడు ఆమ్లాలు కలిపిన ద్రావణాన్ని ఎనిమాగా ఎక్కించింది. కొద్ది వారాల్లో పొర మామూలైంది. ఉత్త ఉప్పునీరు ఎక్కిస్తే ఆ ఫలితం రాలేదు. నలుగురంటే చిన్న సంఖ్యే. ఇదే వైద్యం అల్సరేటివ్ కొలైటిస్‌లో ప్రయత్నిస్తే కొందరికి పనిచేసి కొందరికి పనిచేయలేదు. అయినా పేగు గోడకు బ్యాక్టీరియా పెట్టే తిండి అవసరమన్న విషయాన్ని ఆ నలుగురు రోగులు కళ్లకు కట్టారు.

ఇక గ్యాస్ సంగతి. పప్పు తిన్న రాత్రి పొట్ట ఉబ్బరించి, అపానవాయువు వదలక తప్పనప్పుడు మనకు కలిగేది సిగ్గు, లేదా "పప్పు పడలేదు" అన్న అనుమానం. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. కొందరిలో మీథేన్ కూడా ఉంటుంది. ఈ మూడింటికీ వాసన లేదు. వాసన వచ్చేది చాలా స్వల్పంగా ఉండే గంధకపు వాయువుల వల్ల. 1991లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆరోగ్యంగా ఉన్న పదిమందికి మామూలు తిండితో పాటు 200 గ్రాముల ఉడికించిన బీన్స్ పెట్టి, ఒక రోజులో వదిలిన గ్యాస్‌ను గొట్టంతో పట్టి కొలిచారు. ఒక్కొక్కరిలో అది సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంది. అదే మనుషులకు పీచు లేని ద్రవాహారం ఇస్తే రోజుకు 200 మిల్లీలీటర్లకు పడిపోయింది. కాబట్టి లీటరు దాకా గ్యాస్ పోవడం జబ్బు కాదు, ఆరోగ్యవంతుల లెక్కే.

మీథేన్ చేసేవి నిజానికి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే తెగ సూక్ష్మజీవులు. నాలుగు వంతుల హైడ్రోజన్‌ను, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి అవి ఒక వంతు మీథేన్‌గా మారుస్తాయి. అయిదు వంతుల గ్యాస్ ఒక వంతవుతుంది. అందరి పేగుల్లోనూ అవి అంత సంఖ్యలో ఉండవు. ఒకే పంక్తిలో కూర్చుని ఒకే పప్పు తిన్న అన్నదమ్ముల్లో ఒకరికి పొట్ట ఉబ్బి ఇంకొకరికి ఏమీ కాకపోవడానికి ఇదొక కారణం.

మన శరీర కణాలేవీ హైడ్రోజన్ వాయువును తయారుచేయవు. ఊపిరిలో హైడ్రోజన్ కనిపించిందంటే అది పేగుల్లోని సూక్ష్మజీవుల నుంచి రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు వచ్చిందే. గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాల్లో చేసే బ్రెత్ టెస్ట్ దీని మీదే ఆధారపడింది. పాలు పడని మనిషి విషయంలో అది ఇలా జరుగుతుంది. ముందురోజు రాత్రి పప్పు, పాలు, కూరగాయలు లేకుండా ఉత్త తెల్లన్నం లాంటివి తినమంటారు. పొద్దున పరగడుపున ఒకసారి ఊపిరి ఊదించి కొలుస్తారు. తర్వాత నీళ్లలో 25 గ్రాముల లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, కలిపి తాగిస్తారు. ఆపైన మూడు గంటల పాటు మధ్యమధ్యలో ఊదిస్తారు. చిన్నపేగు ఆ చక్కెరను అరిగించుకుంటే హైడ్రోజన్ పెరగదు. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. అప్పుడు ఊపిరిలో హైడ్రోజన్ పరగడుపున ఉన్నదానికంటే పది లక్షల్లో 20 భాగాలు, అంతకుమించి పెరుగుతుంది. హైడ్రోజన్‌ను మీథేన్‌గా మార్చేసే ఆర్కియా ఎక్కువగా ఉన్నవారిలో ఈ పరీక్ష తప్పుదోవ పట్టించవచ్చు. అందుకే మంచి పరికరాలు రెండు వాయువులనూ కొలుస్తాయి.

దక్షిణాదిలో పెద్దవాళ్లలో చాలామందికి లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. వారే పెరుగన్నం మాత్రం ఇబ్బంది లేకుండా తింటారు. పెరుగు తోడుకునేటప్పుడే కొంత లాక్టోజ్ ఖర్చవుతుంది. దానికి తోడు పెరుగులోని బ్యాక్టీరియా తమ సొంత ఎంజైమ్‌తో సహా చిన్నపేగులోకి వచ్చి, మిగిలిన లాక్టోజ్‌ను అక్కడే విడగొట్టడంలో సాయపడుతుంది. అవి అక్కడ స్థిరపడవు, పని చేసి వెళ్లిపోతాయి. అందుకని ఆ సాయం పెరుగు తిన్న పూటకే.

పెద్దపేగుకు ఇంకో పెద్ద పనుంది, నీటిని వెనక్కి పీల్చుకోవడం. ఆ పని కూడా బ్యాక్టీరియాతో ముడిపడి ఉంది. పై ఆమ్లాలను పేగు గోడ పీల్చుకునేటప్పుడు వాటితో పాటు సోడియం వస్తుంది, సోడియం వెంట నీరు వస్తుంది. ఈ సూత్రాన్ని కలరా రోగుల మీద పరీక్షించిన ప్రయోగం వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగింది. పేగు జబ్బుల నిపుణుడు బి.ఎస్. రామకృష్ణ, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ బైండర్, వారి సహచరులు 2000లో దాన్ని ప్రచురించారు.

కలరాలో సూక్ష్మజీవి విషం చిన్నపేగును దెబ్బతీస్తుంది, లీటర్ల కొద్దీ నీరు పేగులోకి ఊరుతుంది. ఓఆర్ఎస్ ప్రాణం కాపాడుతుంది గానీ విరేచనాలు వెంటనే ఆగవు. ఎందుకంటే ఓఆర్ఎస్‌లోని గ్లూకోజ్ చిన్నపేగులోనే పని ముగిస్తుంది, పెద్దపేగు దాకా రాదు. కలరాలో పెద్దపేగుకు ఉన్న పీల్చుకునే శక్తి చాలావరకు వాడకుండా మిగిలిపోతోందని ఈ బృందం భావించింది. దానికి కావలసిన ఆమ్లాలు బ్యాక్టీరియాతో తయారు చేయించాలంటే చిన్నపేగులో అరగని తిండి పంపాలి. 48 మంది రోగులను మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు ఓఆర్ఎస్. ఇంకో గుంపుకు లీటరుకు 50 గ్రాముల బియ్యప్పిండి కలిపిన ఓఆర్ఎస్. మూడో గుంపుకు లీటరుకు 50 గ్రాములు, సులువుగా అరగని ఒక రకం మొక్కజొన్న పిండి కలిపిన ఓఆర్ఎస్. మామూలు ఓఆర్ఎస్ తాగినవారిలో విరేచనాలు సగటున 91 గంటలు సాగాయి. మొక్కజొన్న పిండి గుంపులో 57 గంటలకే ఆగాయి. చక్కగా అరిగే బియ్యప్పిండి మధ్యలో నిలిచింది, సుమారు 71 గంటలు. అరగని పిండి రోగి ఒంటికి తిండిగా కాక, రోగిలోని బ్యాక్టీరియాకు తిండిగా పనిచేసింది. అది వదిలిన ఆమ్లాలు నీటిని ఒంట్లోకి తిరిగి లాక్కొచ్చాయి. తీవ్రమైన జబ్బులో, మన పక్క రాష్ట్రంలో, గంటల్లో కొలిచిన ఫలితం ఇది.

యాంటీబయాటిక్స్ వేసుకున్నప్పుడు కొందరికి విరేచనాలు కావడం ఇదే బొమ్మ తిరగేసి చూడటం లాంటిది. మందు గొంతులోని క్రిములతో పాటు పెద్దపేగులోని బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. అప్పుడు పులియాల్సిన పీచు, చక్కెరలు పులియకుండా ఉండిపోయి తమతో నీటిని పట్టి ఉంచుతాయి. ఆమ్లాలు తగ్గడంతో పీల్చుకోవడమూ మందగిస్తుంది. చాలామందిలో మందు ఆపిన కొద్ది రోజులకు ఇది సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం ఖాళీ అయిన చోటును క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలి అనే బ్యాక్టీరియా ఆక్రమించి, విషం వదిలి, తీవ్రమైన విరేచనాలు తెస్తుంది. ముఖ్యంగా ఆసుపత్రిలో ఉన్న వృద్ధులకు ప్రమాదం. దానికి ఇచ్చే మందు కూడా యాంటీబయాటికే కావడంతో కొందరికి మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది. 2013లో నెదర్లాండ్స్‌లో ఇలాంటి 16 మందికి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన ద్రావణాన్ని సన్నని గొట్టం ద్వారా పేగులోకి ఎక్కిస్తే 13 మంది మొదటిసారికే కోలుకున్నారు. మందు మాత్రమే తీసుకున్న 13 మందిలో కోలుకున్నది నలుగురే. ఇది ఇప్పుడు ఆమోదం పొందిన వైద్యం. దాతను పరీక్షించి ఆసుపత్రిలో చేయాల్సిందే తప్ప ఇంట్లో ప్రయత్నించేది కాదు.

మరి తిండి మారిస్తే ఈ బ్యాక్టీరియా పని ఎంత తొందరగా మారుతుంది? రెండు వారాలు చాలు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ ఓకీఫ్ బృందం 2015లో దీన్ని చూపించింది. 20 మంది నల్లజాతి అమెరికన్లను, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులను ఎంచుకుని వారి తిండిని అటూ ఇటూ మార్చింది. రోజుకు 14 గ్రాముల పీచు తినే అమెరికన్లకు మొక్కజొన్న, చిక్కుడు గింజల భోజనంతో 55 గ్రాములు అందించారు. 66 గ్రాములు తినే ఆఫ్రికన్లకు మాంసం, కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టి పీచును 12 గ్రాములకు దించారు. రెండు వారాలకు అమెరికన్లలో బ్యూటిరేట్ రెండు రెట్లకు పైగా పెరిగింది. ఆఫ్రికన్లలో సగానికి తగ్గింది. పెద్దపేగు లోపలి పొరలో వాపు సూచికలు కూడా అదే దిశలో మారాయి. ఇవి సూచికలే. రెండు వారాల్లో ఎవరికీ క్యాన్సర్ రావడం, పోవడం చూడలేదు. కానీ పెద్దపేగు క్యాన్సర్ అమెరికాలోని ఆ వర్గంలో ఎక్కువగా, దక్షిణాఫ్రికా గ్రామాల్లో అరుదుగా ఎందుకుందో వెతకడానికే ఈ ప్రయోగం చేశారన్నది గుర్తుంచుకోవాలి.

తెలుగువారి కంచంలో లెక్క ఎలా ఉందో చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కేలరీలు తినేవారికి 30 గ్రాముల పీచు ఉండాలంటోంది. అదే సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. కందిపప్పులో 9, జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న శనగల్లో 25 గ్రాముల దాకా ఉంది. రోజుకు 300 గ్రాముల బియ్యం, 60 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల కూరగాయలు వండుకుని తినే మనిషికి బియ్యం నుంచి 8, పప్పు నుంచి 5, కూరగాయల నుంచి మరో 6 గ్రాములు వస్తాయి. మొత్తం 20కి అటూ ఇటూ. ఒక పూట 100 గ్రాముల బియ్యం బదులు జొన్నరొట్టె తింటే ఏడు గ్రాములు కలుస్తాయి. సాయంత్రం 30 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే ఇంకో ఏడు. కంచం పెద్దగా మారకుండానే లెక్క 30 దాటిపోయింది. మందుల షాపులో కొనే పౌడర్లతో పనిలేదు.

చద్దన్నం గురించి ఇప్పుడు చాలా గొప్పగా చెబుతున్నారు. అందులో నిజముంది, కొలత మాత్రం చిన్నది. వండిన అన్నం చల్లారినప్పుడు పిండిపదార్థంలో కొంత భాగం బిగుసుకుని చిన్నపేగు ఎంజైములకు లొంగకుండా పెద్దపేగుకు పోతుంది. ఇండోనేషియాలో 2015లో కొలిస్తే వేడన్నంలో అలాంటి పిండి 100 గ్రాములకు 0.64 గ్రాములు ఉంది. ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములకు పెరిగింది. రెండున్నర రెట్లే గానీ పెరిగింది గ్రాము. ఒక గుప్పెడు శనగలు దానికి ఎన్నో రెట్లు ఇస్తాయి. చద్దన్నం ఇష్టమైతే హాయిగా తినొచ్చు. ఎండాకాలం వండిన అన్నాన్ని గంటల తరబడి పొయ్యి పక్కన వదిలేస్తే మాత్రం వాంతులు తెచ్చే బాసిల్లస్ సీరియస్ అందులో పెరుగుతుంది, మళ్లీ వేడిచేసినా దాని విషం పోదు.

పప్పులు, శనగలు అలవాటు లేనివారు ఒక్కసారిగా పెంచితే మొదటి వారం పొట్ట ఉబ్బరం ఖాయం. చారెడుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచితే చాలామందిలో ఇబ్బంది తగ్గుతుంది. శనగలు, అలసందలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే రాఫినోజ్ కుటుంబపు చక్కెరల్లో కొంత భాగం నీళ్లతో పోతుంది. పీచు చాలావరకు గింజలోనే ఉంటుంది. ఇంగువ, అల్లం వేయడం పొట్ట తేలికగా అనిపించడానికి మంచిదే గానీ ఆ చక్కెరలను విడగొట్టే శక్తి వాటికి లేదు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ ఉన్నవారి పేగు కొద్దిపాటి గ్యాస్‌కే నొప్పిగా స్పందిస్తుంది. వారికి పీచు పెంచమనే సలహా అన్నివేళలా పనికిరాదు, ఏది ఎంత తినాలో డాక్టరుతో, డైటీషియన్‌తో మాట్లాడి చూసుకోవాలి.

మలం నమూనా పంపితే పేగు బ్యాక్టీరియా జాబితా ఇచ్చి, దాన్నిబట్టి ఏం తినాలో చెబుతామనే పరీక్షలు ఇప్పుడు వేల రూపాయలకు అమ్ముతున్నారు. ఏ జాతి ఉందో అవి చాలావరకు చెప్పగలవు. కానీ ఆరోగ్యవంతులైన ఇద్దరి జాబితాలే ఒకదానికొకటి పోలవు. ఇంత శాతం ఉంటే మంచిది, ఇంతకు తగ్గితే జబ్బు అనే గీత ఇంతవరకు ఎవరూ గీయలేదు. రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్ పరీక్షల్లా వాటిని చదవడానికి వీల్లేదు.

పప్పు తిన్న రాత్రి వచ్చి, పోయే గ్యాస్‌కు డాక్టరు అక్కర్లేదు. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు అవుతున్నా, యాభై దాటాక మలవిసర్జన తీరు కొత్తగా మారి వారాల తరబడి అలాగే ఉన్నా దాన్ని గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకూడదు, కొలనోస్కోపీ అవసరమా అని అడగాలి. యాభై దాటిన ఆడవారికి పొట్ట ఉబ్బరం కొత్తగా మొదలై నెల దాటినా తగ్గకపోతే అండాశయాలకు అల్ట్రాసౌండ్, డాక్టరు సూచించిన రక్తపరీక్ష చేయించాలి. అండాశయ క్యాన్సర్ మొదట్లో చాలామందిలో గ్యాస్ లాగే కనిపిస్తుంది.